12 మంది 20 రోజుల్లో తవ్వితే, 240 మంది ఒక్క రోజులో తవ్వేస్తారా?

పన్నెండు మంది పనివాళ్లు ఒక కందకాన్ని 20 రోజుల్లో తవ్వితే, 15 మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారు? 12ని 20తో గుణించి 15తో భాగిస్తే 16 రోజులు. ట్యూషన్ చెప్పే రోజుల్లో ఈ లెక్క బోర్డు మీద చేసి తర్వాతి లెక్కలోకి వెళ్లబోతుంటే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, అయితే 240 మందిని పెడితే ఒక్క రోజులో అయిపోతుందా?" అయిపోతుందన్నాను. "480 మందిని పెడితే మధ్యాహ్నానికే అయిపోవాలి కదా?" అవ్వాలి అన్నాను, గొంతు కాస్త తగ్గించి. ఆ అమ్మాయి అక్కడితో ఊరుకోలేదు. రోజుకి 8 గంటల పని అనుకుని నోట్సు వెనక పేజీలో గుణకారం చేసి, 1,15,200 మందిని దింపితే ఒక్క నిమిషంలో కందకం తయారని తేల్చింది. గుణకారంలో ఎక్కడా తప్పు లేదు.

తప్పు ఎక్కడుందో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. "లెక్కలో అలాగే అనుకోవాలమ్మా" అని తప్పించుకున్నాను. ఇప్పుడు అడిగితే చెప్పే జవాబు ఇది.

విలోమానుపాతం అంటే ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గడం అని చాలామంది బట్టీ పట్టేస్తారు. అది సగమే నిజం. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గే జతలు బోలెడుంటాయి, అన్నీ విలోమానుపాతంలో ఉండవు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో వ్యస్త త్రైరాశికం అని ఇదే సూత్రాన్ని చెప్పాడు. అది వాడాల్సిన సందర్భాల్లో జంతువు వయసూ దాని ధరా ఒకటి. వయసు పెరిగితే ధర తగ్గుతుంది, నిజమే. కానీ వయసు రెండింతలైతే ధర కచ్చితంగా సగమే అవ్వాలని ఎక్కడుంది? అది బేరసారాలకి పనికొచ్చే ఒప్పందం తప్ప ప్రకృతి నియమం కాదు. విలోమానుపాతం కావాలంటే తగ్గడం ఒక్కటే చాలదు, రెండింటి లబ్ధం మారకుండా ఉండాలి. మన కందకం లెక్కలో ఆ లబ్ధం 240. దాన్ని పనిదినాలు అంటాం. ఒక మనిషి ఒక రోజు చేసే పనిని ఒక ముక్కగా తీసుకుంటే, కందకం మొత్తం 240 ముక్కల పని.

మనుషులు × రోజులు = 240

ఈ ఒక్క లైను వెనక చాలా మాటలు దాగి ఉన్నాయి. అందరూ ఒకే వేగంతో పనిచేస్తారు. ఎవరి పనీ ఇంకొకరి పని మీద ఆధారపడదు. పనిని ఎన్ని ముక్కలైనా చేయవచ్చు. పని మొదలయ్యాక ఆ ముక్కల సంఖ్య పెరగదు, తరగదు. మనుషుల కోసం కాకుండా మరి దేనికోసమూ ఎదురుచూడాల్సిన పనిలేదు. ఈ మాటల్లో ఏది చెడినా 240 అన్నది స్థిరంగా ఉండదు. ఏది చెడిందన్న దాన్నిబట్టి అది పెరుగుతుందో తగ్గుతుందో తేలుతుంది.

అక్కడికి వెళ్లే ముందు, సూత్రం తప్పు కాకపోయినా దాని మీద పడే నింద ఒకటి తీర్చేయాలి. 12 మంది 20 రోజుల్లో చేయాల్సిన పనిలో, 5 రోజుల తర్వాత ముగ్గురు మానేశారు. మొత్తం పని ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది? చాలామంది నేరుగా 240ని 9తో భాగించి 26.67 అంటారు. ఇంకొందరు అందులోంచి 5 తీసేస్తారు. రెండూ తప్పే, ఎందుకంటే ఆ తొమ్మిది మందికీ మొత్తం కందకం అప్పగించలేదు. మొదటి 5 రోజుల్లో 12 మంది 60 ముక్కలు తవ్వేశారు. మిగిలింది 180. దాన్ని తొమ్మిది మంది 20 రోజుల్లో పూర్తి చేస్తారు. మొత్తం 25 రోజులు. పరీక్షల్లో పోయే మార్కుల్లో ఎక్కువ ఇక్కడే పోతాయి. అయినా ఇక్కడ విలోమానుపాతం నిక్షేపంలా ఉంది. మిగిలిన పనికి కాకుండా మొత్తం పనికి దాన్ని తగిలించడంతో వచ్చిన చిక్కు ఇది.

ఇక అసలు చిక్కులు. ఆ అమ్మాయి 240 మందినే తీసుకుందాం. కందకం పొడవు 60 మీటర్లు అనుకోండి. 240 మంది వరసగా నిలబడితే ఒక్కొక్కరికి వచ్చేది 25 సెంటీమీటర్లు, అంటే భుజాల వెడల్పు కూడా లేదు. గడ్డపార ఎత్తి దించడానికి, పారతో మట్టి పక్కకి విసరడానికి మనిషికి కనీసం రెండు మీటర్లు వదలాలి అనుకుంటే కందకంలో పట్టేది 30 మంది. 240 పనిదినాలని 30తో భాగిస్తే 8 రోజులు. ముప్పై ఒకటో మనిషి వచ్చినా గట్టు మీద కూర్చోవాల్సిందే. షిఫ్టులు పెట్టి రాత్రి కూడా తవ్విస్తే ఇంకా తగ్గించవచ్చు. కానీ ఒకేసారి తవ్వే మనుషులు 30 దాటరు. సూత్రం 30 వరకే నిజం, ఆ తర్వాత గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. పనివాళ్ల లెక్క ఇచ్చేటప్పుడు పుస్తకాలు ఈ హద్దు చెప్పవు, ఎందుకంటే వాటిలో కందకానికి పొడవే ఉండదు.

ఇది కొట్టొచ్చినట్టు కనిపించే హద్దు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి కంటికి కనిపించకుండా లబ్ధాన్ని జరిపేసేవి. అలాంటివి రెండు చూద్దాం. తమాషా ఏమిటంటే అవి లబ్ధాన్ని చెరో దిక్కుకీ లాగుతాయి.

మొదటిది గోడలకి రంగు వేయడం. ఒక పెద్ద హాలుకి నలుగురు పెయింటర్లు 8 రోజులు తీసుకున్నారు. ఎనిమిది మంది వస్తే? సూత్రం ప్రకారం 4 రోజులు. కానీ ఆ 8 రోజులూ ఎలా గడిచాయో చూడండి. గోకి, పుట్టీ పెట్టి, అది ఆరేదాకా ఆగారు. తర్వాత ప్రైమర్ కొట్టి మళ్లీ ఆగారు. ఆ తర్వాత మొదటి కోటు, దాని తర్వాత రెండో కోటు. అన్నీ కలిపి చూస్తే చేతులు కదిలింది 6 రోజులు, ఆరడం కోసం ఊరికే ఉన్నది 2 రోజులు. పుట్టీకి పక్కన ఎంతమంది నిలబడ్డారో తెలియదు. నలుగురున్నా నలభై మంది ఉన్నా అది ఆరే టైమే తీసుకుంటుంది.

కాబట్టి మనుషుల మీద ఆధారపడిన పని 4 × 6 = 24 పనిదినాలు మాత్రమే. ఎనిమిది మంది ఆ పనిని 3 రోజుల్లో చేస్తారు, ఆరడానికి 2 రోజులు కలిపితే 5. సూత్రం చెప్పిన దానికన్నా ఒక రోజు ఎక్కువ. 24 మందిని దింపితే సూత్రం 32ని 24తో భాగించి ఒకటిన్నర రోజు కూడా పట్టదంటుంది. నిజానికి పట్టేది 3 రోజులు. ఎంతమందిని తెచ్చినా 2 రోజుల కన్నా కిందికి రాదు.

మనుషులు తగ్గినప్పుడు ఇదే చిక్కు తిరగబడుతుంది. ఇది మర్చిపోతారు. ఇద్దరే ఉంటే సూత్రం 16 రోజులంటుంది, నిజానికి 14 చాలు. రెండింతలైంది చేతులు కదిలిన 6 రోజులే, ఆరడానికి పట్టే 2 రోజులు అలాగే ఉన్నాయి. మనుషులు పెరిగితే సూత్రం మరీ ఆశ పెడుతుంది, తగ్గితే అనవసరంగా భయపెడుతుంది.

కాంక్రీటు పనిలో ఇది ఇంకా మొండిగా ఉంటుంది. కాంక్రీటు బలాన్ని 28 రోజుల వయసులో పరీక్షించడం స్థిరపడిన పద్ధతి. పోసింది పదిమందా వందమందా అన్నది ఆ 28కి పట్టదు. కడుతున్న దాని మొత్తం గడువులో ఇలాంటి ఆగే రోజుల వాటా ఎంత ఎక్కువైతే, మనుషుల్ని పెంచడం అంత దండగ.

ఇప్పుడు రంగు లెక్కని ఇలా రాసి చూడండి:

మనుషులు × (రోజులు − 2) = 24

విలోమానుపాతం ఎక్కడికీ పోలేదు. మొత్తం రోజులకి కాకుండా, అందులోంచి 2 తీసేశాక మిగిలినవాటికి వర్తిస్తోంది.

రెండోది దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మ. ఒక గుంతలో నీళ్లు నిండాయి, అడుగున ఊట ఉంది. 12 మంది తోడితే 10 గంటల్లో ఖాళీ అవుతుంది. ఏడుగురే తోడితే ఎంతసేపు? సూత్రం 120ని 7తో భాగించి 17 గంటల పైచిలుకు అంటుంది. ఏడుగురూ తోడి చూశారు, 20 గంటలు పట్టింది. మనుషులు ఎవరూ బద్ధకించలేదు, అలసట లెక్కలో వేయడం లేదు. మరి ఆ మూడు గంటలు ఎక్కడివి?

ఊట దగ్గర ఉన్నాయి. వీళ్లు తోడుతున్నంతసేపూ కింద నుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువసేపు తోడితే ఎక్కువ ఊరుతుంది, కాబట్టి తోడాల్సిన నీళ్లే పెరిగాయి. ఒక మనిషి గంటలో తోడే నీళ్లని ఒక ముక్క అనుకుందాం. 12 మంది 10 గంటల్లో 120 ముక్కలు తోడారు. ఏడుగురు 20 గంటల్లో 140 తోడారు. గుంత ఒకటే, మొదట ఉన్న నీళ్లు అవే. తేడా 20 ముక్కలు, గంటల తేడా 10. అంటే గంటకి 2 ముక్కల చొప్పున ఊరుతోంది. 10 గంటల్లో ఊరింది 20, కాబట్టి మొదట ఉన్నవి 100 ముక్కలు. ఏడుగురి లెక్కతో సరిచూడండి: 20 గంటల్లో ఊరింది 40, మొదటి 100తో కలిపి 140. సరిపోయింది.

(మనుషులు − 2) × గంటలు = 100

ఈసారి తీసేయాల్సింది మనుషుల్లోంచి. ఎంతమందిని పెట్టినా ఇద్దరి చాకిరీ ఊటకే సరిపోతుంది, మిగతావాళ్లే గుంతని ఖాళీ చేస్తారు. ఆరుగురైతే నలుగురే లెక్కలోకి వస్తారు, 25 గంటలు. ముగ్గురైతే ఒక్కడే మిగిలాడు, 100 గంటలు. ఇద్దరే ఉంటే తోడుతూనే ఉంటారు, నీటిమట్టం ఉన్నచోటే ఉంటుంది. ఇద్దరికీ సూత్రం 60 గంటలు అని ధీమాగా జవాబు చెబుతుంది, నిజమైన జవాబు ఎప్పటికీ కాదు.

మనుషులు పెరిగినప్పుడు ఏమవుతుందో చూడండి. 22 మందిని పెడితే సూత్రం దాదాపు ఐదున్నర గంటలంటుంది, నిజానికి 5 గంటల్లో అయిపోతుంది. రంగు పనిలో మనుషుల్ని పెంచితే అనుకున్నంత లాభం రాలేదు, ఇక్కడ అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. ఎక్కువమందిని పెడితే లాభం తగ్గిపోతుందని సూత్రాన్ని విమర్శించేవాళ్లందరూ చెబుతారు. ఊట ఉన్న పనుల్లో అది తలకిందులు. పెరుగుతున్న కలుపు తీయడం, అంటుకుంటున్న మంట ఆర్పడం, రోజూ కొత్తవి వచ్చి పడే ఫైళ్ల కుప్ప తేల్చడం ఈ జాతివే. వీటిలో మొదట్లోనే ఎక్కువమందిని దింపినవాడు మొత్తం మీద తక్కువ పనిదినాలతో బయటపడతాడు.

ఈ గుంత లెక్కకి పాత చుట్టం ఒకటుంది. 1707లో అచ్చయిన న్యూటన్ బీజగణిత పాఠాల్లో ఎద్దులు మేసే పచ్చిక లెక్క ఇదే తీరుది. ఎద్దులు మేస్తుంటే గడ్డి పెరుగుతూ ఉంటుంది. కొన్ని ఎద్దుల్ని గడ్డి పెరుగుదలకి కేటాయించేస్తే మిగతాది మామూలు విలోమానుపాతమే.

పనివాళ్ల దగ్గరికి తిరిగొస్తే, అటు రోజుల్లోంచీ ఇటు మనుషుల్లోంచీ ఏ స్థిరసంఖ్యనీ తీసేసి బాగుచేయలేని గొడవ ఒకటి మిగిలింది. మనుషులు కలిసి పనిచేస్తే ఒక్కొక్కరి వాటా తగ్గడం. ఫ్రాన్స్‌కి చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ దీన్ని కొలిచి 1913లో ఒక పట్టిక అచ్చువేశాడు. ఒంటరిగా పనిచేసే మనిషి శక్తిని 1 అనుకుంటే, ఇద్దరిలో ఒక్కొక్కరి వాటా 0.93కి పడుతుంది, నలుగురిలో 0.77, ఏడుగురిలో 0.56, ఎనిమిది మందిలో 0.49. ఇప్పుడు మొత్తాలు కట్టండి. నలుగురు కలిస్తే 3.08 మనుషుల పని. ఏడుగురు కలిస్తే 3.92. ఎనిమిది మంది కలిస్తే? 8ని 0.49తో గుణిస్తే మళ్లీ 3.92. ఎనిమిదో మనిషి వచ్చాడు, చేయి వేశాడు, మొత్తం ఒక్క పిసరు కూడా పెరగలేదు.

దీనికి బద్ధకం ఒక కారణమే తప్ప అదే మొత్తం కాదు. అందరూ ఒకే క్షణంలో బలం పెట్టాలి. ఒకడు లాగుతున్నప్పుడు ఇంకొకడు ఊపిరి తీసుకుంటుంటే ఆ బలం వృథా. మనుషులు పెరిగేకొద్దీ ఆ తాళం తప్పడం పెరుగుతుంది. అయితే ఆ పట్టికని అన్ని పనులకీ అంటగట్టకూడదు. అది అందరూ ఒకే బరువు మీద కలిసి బలం పెట్టే పనికి సంబంధించింది. కందకంలో రెండేసి మీటర్ల దూరంలో ఎవరి ముక్క వాళ్లు తవ్వుకునేవాళ్లకి ఈ నష్టం ఉండనక్కర్లేదు. అందుకే పుస్తకాల్లో కందకం, గోడ, కోత లాంటి పనులే ఎక్కువగా కనిపిస్తాయి కాబోలు. అవి ముక్కలుగా విడిపోతాయి.

ముక్కలుగా విడిపోని పని మరీ ముదిరితే ఏమవుతుందో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశాడు. ఆయన ఐబీఎంలో సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించినవాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవాళ్లని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన అన్నాడు. కొత్తవాళ్లకి నేర్పడానికి పాతవాళ్లే పని ఆపి కూర్చోవాలి. పైగా ఎవరితో ఎవరు మాట్లాడుకోవాలో ఆ జతలు మనుషులకన్నా వేగంగా పెరుగుతాయి. నలుగురి మధ్య జతలు 6, ఎనిమిది మంది మధ్య 28. మనుషులు రెండింతలైతే మాటలు నాలుగింతలు దాటిపోయాయి. పుట్టీ ఆరడంలో రోజులు తగ్గకపోవడమే జరిగింది, ఇక్కడ ఏకంగా పెరుగుతున్నాయి.

చేతిలో ఉన్న పని వీటిలో ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఒక్క కొలత ఉంటే తెలియదు. 12 మంది, 20 రోజులు అన్న ఒక్క ముక్క పట్టుకుని మిగతాదంతా ఊహించడం పుస్తకం లెక్కల్లోనే చెల్లుతుంది. రెండో కొలత కావాలి. అలాంటి కందకాన్నే, అలాంటి నేలలోనే, 24 మంది తవ్వినప్పుడు ఎన్ని రోజులు పట్టిందో కనుక్కుని రెండుసార్లూ పనిదినాలు కట్టండి. రెండూ 240 దగ్గరే ఉంటే ఆ హద్దుల మధ్య సూత్రాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండోసారి పనిదినాలు తగ్గితే పనిలో ఎక్కడో ఊట ఉంది. పెరిగితే ఆగే రోజులున్నాయి, లేదా మనుషులు ఒకరికొకరు అడ్డమొస్తున్నారు.

24 మందికి 11 రోజులు పట్టిందనుకుందాం. పనిదినాలు 264, పెరిగాయి. ఆగే రోజులే కారణమైతే లెక్క ఇలా కట్టాలి. మనుషులు రెండింతలయ్యారు కాబట్టి తవ్వే రోజులు సగమయ్యాయి. 20 నుంచి 11కి తగ్గిన ఆ 9 రోజులే ఆ సగం. అంటే 12 మందికి తవ్వడానికి పట్టింది 18 రోజులు, మిగతా 2 రోజులు మరి దేనికో ఆగారు. ముందుగా నేల గీతలు గీయడానికో, సామాను రావడానికో. 18 మందైతే 216ని 18తో భాగించి 12, ఆగే 2 కలిపి 14 రోజులు.

అయితే మనుషులు ఒకరికొకరు అడ్డం రావడం వల్ల కూడా అదే 264 రావచ్చు. రెండు కొలతలతో ఈ రెండింటినీ విడదీయలేం, మూడోది కావాలి. అది దొరకకపోతే కందకం దగ్గరికి వెళ్లి ఖాళీగా ఉన్నవాళ్లని చూడటం మేలు. అందరూ ఒకేసారి ఖాళీగా కూర్చుంటే అవి ఆగే రోజులు, ఇంకెంతమందిని తెచ్చినా ఆ రోజులు అలాగే ఉంటాయి. కొందరు తవ్వుతుండగా ఇంకొందరు పార పట్టుకుని చోటు కోసం చూస్తుంటే అది ఇరుకు, ఆ చూస్తున్నవాళ్లని వేరే పనికి పంపినా కందకం ఆ రోజుకే పూర్తవుతుంది.